సెలవులో వెళ్ళే ఆటో రిప్లైని తిరగరాయాలి: తేదీలు, ఎవరిని అడగాలో, కాస్త ఆప్యాయత

సంచికపని

విజయవాడలో ఒక తెలుగు మాసపత్రికలో సహసంపాదకుడిగా పనిచేస్తున్నాను. సంక్రాంతికి జనవరి 12 సోమవారం నుంచి 17 శనివారం వరకు సెలవు పెట్టాను. 18 ఆదివారం కాబట్టి 19న కార్యాలయానికి వస్తాను. మా మెయిల్ జీమెయిల్ మీదే నడుస్తుంది. నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నవారు రాసి ఉంచిన ఆటో రిప్లైనే ఇన్నాళ్ళూ వాడుతూ వచ్చాం. అది ఇది:

> ప్రస్తుతం నేను సెలవుపై ఉన్నందున మీ మెయిలుపై ఎట్టి చర్యయు తీసుకొనబడదని తెలియజేయడమైనది. అత్యవసరమైనచో కార్యాలయమును సంప్రదించగలరు.

దసరా సెలవుల్లో దీనివల్ల రెండు తలనొప్పులు వచ్చాయి. అనంతపురం నుంచి కథ పంపిన ఒక పెద్దాయన తన కథను తిరస్కరించామనుకుని నొచ్చుకుని, ఏకంగా ప్రధాన సంపాదకులకు ఫోన్ చేశారు. ముఖచిత్రం రంగుల విషయంలో అనుమతి కావలసిన ముద్రణాలయం వారేమో, ఇంకెవరిని అడగాలో తెలియక నాకే ఫోన్ చేశారు. ఈసారి తిరిగి వచ్చే తేదీ, నా బదులు ఎవరిని అడగాలన్నది, కాస్త ఆప్యాయత, ఈ మూడూ ఉండాలని ప్రధాన సంపాదకుల ఆదేశం. నేను రాసిన కొత్త ముసాయిదాను కింద పెడుతున్నాను, మొహమాటం లేకుండా విమర్శించండి.

> నమస్తే! మీ మెయిల్ చూసి చాలా సంతోషం కలిగింది. ప్రస్తుతం నేను మా ఊళ్ళో అమ్మ చేతి అరిసెలు తింటూ, కోడిపందేల సందడిలో ఉన్నాను. 12/01 నుంచి 19/01 వరకు అందుబాటులో ఉండను. ఏదైనా అర్జెంటు పని ఉంటే మా సహోద్యోగులను అడగండి. సంక్రాంతి శుభాకాంక్షలు!

కొల్లేటికొంగ

అరిసెలు బాగున్నాయి, మాకూ పంపండి. కోడిపందేలు మాత్రం తీసేయండి. అవి చట్టవిరుద్ధం, పైగా మీ పత్రిక పేరుతో వెళ్ళే ఉత్తరం అది.

వనజ_తెనాలి

మొదటి వాక్యమే అబద్ధం కదండీ. మీరు మెయిల్ చూడలేదు, చూడకపోబట్టే ఆటో రిప్లై వెళ్తోంది. "చూసి సంతోషం కలిగింది" అని చదివిన రచయిత మీరు కథ చదివేశారనుకుని మర్నాటి నుంచే నిర్ణయం కోసం ఎదురుచూస్తారు. పాత జవాబు కథను తిరస్కరించినట్టు అనిపిస్తే, ఇది అంగీకరించినట్టు అనిపిస్తుంది. మెయిల్ మాకు చేరింది, భద్రంగా ఉంది, ఇంకా ఎవరూ తెరవలేదు అన్న మూడు సంగతులు చెబితే చాలు.

ఉత్తరాలబండి

పదిహేనేళ్ళుగా ఒక ప్రచురణ సంస్థ కార్యాలయ వ్యవహారాలు చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా తేదీలు. 12/01 అని అంకెల్లో రాయకండి. మీకు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో రాసేవారు తప్పకుండా ఉంటారు, అక్కడ నెలను ముందు రాసే అలవాటు కాబట్టి వారు దాన్ని డిసెంబరు 1 అని చదివే అవకాశం ఉంది. నెల పేరు, వారం పేరు రాస్తే ఆ చిక్కు ఉండదు. ఇంకో విషయం, "19 వరకు అందుబాటులో ఉండను" అన్నారు. 19న ఉంటారా, ఉండరా? చదివేవారికి అది తేలదు. ఎప్పుడు వెళ్తున్నారన్నదానికంటే "జనవరి 19, సోమవారం తిరిగి విధుల్లో చేరతాను" అన్న ఒక్క మాటే వారికి ఎక్కువ పనికొస్తుంది.

అయితే తిరిగి వచ్చే రోజు వేరు, జవాబు ఇచ్చే రోజు వేరు. వారం రోజుల మెయిళ్ళు పేరుకుని ఉంటాయి కాబట్టి 19న ఉదయం పది గంటలకే జవాబు రాదు. ఆ తేదీ ఒక్కటే ఇస్తే ఆ రోజు మధ్యాహ్నానికల్లా గుర్తుచేసే మెయిళ్ళు మొదలవుతాయి. "21, బుధవారంలోగా జవాబు రాస్తాను" అని రెండో తేదీ కూడా ఇవ్వండి. కథల మీద నిర్ణయానికి మీ పత్రికలో మామూలుగా ఎంత కాలం పడుతుందో ఆ గడువు వేరే ఉంటుంది కదా, దాన్ని దీనితో కలపకండి.

తర్వాత, "అర్జెంటు పని ఉంటే" అన్న మాట. ఎవరి పని వారికి అర్జెంటే. మీకు ఎలాంటి వారు రాస్తారో, వారిలో ఎవరికి నిజంగా ఆ వారంలోనే జవాబు కావాలో చెప్పండి, అప్పుడు ప్రత్యామ్నాయం ఎవరో తేల్చవచ్చు.

సంచికపని

కథలు, కవితలు పంపేవారే ఎక్కువ. వారికి వారం ఆలస్యమైనా నష్టం లేదు. ముద్రణాలయం వారికి మాత్రం ఆగే వీలు లేదు, ఫిబ్రవరి సంచిక పుటలు సరిగ్గా ఆ వారంలోనే వెళ్ళాలి. ఇక పత్రిక అందలేదని రాసే చందాదారులు కొందరు ఉంటారు. నిజానికి వారు సర్క్యులేషన్ విభాగానికి రాయాలి, కానీ పత్రిక మొదటి పేజీలో నా చిరునామా కనబడుతుంది కాబట్టి నాకే రాస్తారు.

మిర్చిబజ్జి

ఇంత చర్చ అవసరమా? "సెలవులో ఉన్నాను, 19న వస్తాను" అని రాసి హాయిగా బస్సెక్కండి.

వనజ_తెనాలి

మిర్చిబజ్జి గారూ, ఆ మాట ముద్రణాలయం వారికి చెప్పి చూడండి. అచ్చుకు వెళ్ళే వారంలో "19న వస్తాను" అన్న జవాబు అందుకున్నవాడు బస్సులో ఉన్నా వదలడు.

ఉత్తరాలబండి

సంచికపని గారు చెప్పినదాన్ని బట్టి వచ్చే మెయిళ్ళు మూడు రకాలు, ప్రత్యామ్నాయం కావలసినవి రెండే. రచనలు పంపేవారికి ఇంకొకరి పేరు ఇవ్వనక్కర్లేదు, ఇస్తే వారు అదే కథను ఇద్దరికీ పంపుతారు, ఒకే కథను ఇద్దరు చదివి రెండు రకాల జవాబులిచ్చే ప్రమాదం ఉంది. "మళ్ళీ పంపనవసరం లేదు" అని వారికి స్పష్టంగా చెప్పాలి. ముద్రణకు ఒకరిని, చందాకు ఒకరిని చూపితే సరిపోతుంది.

ముద్రణకు ఎవరి పేరు పెట్టాలన్న విషయంలో ఒక జాగ్రత్త. ఖాళీగా ఉన్నవారి పేరు పెట్టకండి, పుటలకు "సరే, అచ్చు వేయండి" అని చెప్పగలిగే అధికారం ఉన్నవారి పేరు పెట్టండి. లేకపోతే ముద్రణాలయం వారు ఆయనను అడుగుతారు, ఆయన మిమ్మల్ని అడుగుతారు, ఫోన్ మళ్ళీ మీ ఊరికే వస్తుంది.

నల్లమల_నాయుడు

మా కార్యాలయంలో జరిగింది చెబుతాను. పోయిన సంక్రాంతికి నాకు కావలసిన అధికారికి మెయిల్ పెడితే, సెలవులో ఉన్నాను, ఫలానా వారిని అడగండి అని జవాబు వచ్చింది. ఆ ఫలానా వారికి రాస్తే, ఆయనా సెలవులోనే ఉన్నారు, మొదటి అధికారినే అడగమన్నారు. ఇద్దరూ గోదావరి జిల్లాల వారే. ఆ వారం నా ఫైలు కూడా పండగ చేసుకుంది.

కొల్లేటికొంగ

ఆంధ్రలో సంక్రాంతి వారంలో ప్రత్యామ్నాయం దొరకాలంటే పక్క రాష్ట్రం వారినే పెట్టుకోవాలి.

సంచికపని

నవ్వొచ్చింది కానీ ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. ముద్రణ వ్యవహారాలు తెలిసిన మా డిజైనర్ సుధ గారు 14 నుంచి 16 వరకు ఉండరు. ఆ మూడు రోజులూ ప్రధాన సంపాదకులే కార్యాలయంలో ఉంటారు.

రాయదుర్గం_రమ

అయితే మనిషి పేరు కాకుండా విభాగం చిరునామా ఇవ్వండి. ఒక ఐటీ సంస్థలో ఉద్యోగుల మెయిల్ ఖాతాలు చూసే పని నాది. mudrana@example.com లాంటి ఉమ్మడి చిరునామా పెట్టి, డిజైనర్‌కూ ప్రధాన సంపాదకులకూ ఇద్దరికీ వెళ్ళేలా చేయిస్తే, ఎవరు ఏ రోజు ఉన్నారన్నది రాసేవారికి తెలియనవసరం లేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఆటో రిప్లై మీరు ఎంచుకున్న మనిషికి వెళ్ళేది కాదు, ముక్కూ మొహం తెలియనివారు రాసినా వెళ్తుంది. ఎవరు ఊళ్ళో లేరు, ఎప్పటివరకు లేరు, డబ్బు వ్యవహారం ఎవరు చూస్తారు, వారి సెల్ నంబరు ఎంత అన్నవన్నీ ఒకే ఉత్తరంలో ఉంటే మోసగాడికి అంతకంటే ఏం కావాలి? "సంపాదకులు సెలవుకు వెళ్తూ మీకు చెప్పమన్నారు, ఈ బిల్లు ఈరోజే చెల్లించాలి" అని మీ సహోద్యోగికి మెయిల్ పెట్టడానికి సరిపడా సమాచారం అందులో ఉన్నట్టే.

వనజ_తెనాలి

భద్రత సంగతి ఒప్పుకుంటాను. కానీ పేరు తీసేస్తే మళ్ళీ పాత "కార్యాలయమును సంప్రదించగలరు" దగ్గరికే వెళ్తాం. కథలు రాసే పెద్దవారికి, చిన్న ముద్రణాలయం నడిపేవారికి విభాగం కంటే మనిషే నమ్మకం. "మా డిజైనర్ సుధ గారు చూస్తారు" అంటే వెంటనే రాస్తారు, mudrana అంటే అక్కడ ఎవరైనా చదువుతారా అని అనుమానిస్తారు.

రాయదుర్గం_రమ

పేరు చెప్పి, ఉమ్మడి చిరునామా ఇచ్చి, సెల్ నంబరు ఇవ్వకపోతే ఎలా ఉంటుంది? ముద్రణాలయం వారి దగ్గర ఆమె నంబరు ఎలాగూ ఉంటుంది. పరాయివారికి అది అందదు.

వనజ_తెనాలి

అది బాగుంది. అయితే సుధ గారిని ముందుగా అడగండి. పండగ ముందు రోజు తన పేరు ఊరందరికీ వెళ్తోందని ఆమెకు ఇంకొకరి ద్వారా తెలియకూడదు.

గుంటూరు_శర్మ

ఒక సందేహం. నాకూ ఆటో రిప్లై ఉండి, అవతలివారికీ ఉంటే, ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ పండగంతా వేల మెయిళ్ళు తిరుగుతాయి కదా? ఆ భయంతోనే నేను ఎప్పుడూ పెట్టను.

రాయదుర్గం_రమ

ఒకప్పుడు ఆ భయానికి అర్థం ఉండేది. ఇలాంటి జవాబులు ఎలా ప్రవర్తించాలో చెప్పే RFC 3834 అనే పత్రం 2004లోనే వచ్చింది. దాని ప్రకారం యంత్రం పంపిన జవాబుకు Auto-Submitted అనే గుర్తు ఉంటుంది, ఆ గుర్తు ఉన్నదానికి మరో యంత్రం జవాబివ్వకూడదు. పైగా జీమెయిల్ ఒకే మనిషికి ప్రతి మెయిల్‌కూ జవాబు పంపదు. ఒకసారి పంపాక, నాలుగు రోజుల తర్వాత వారు మళ్ళీ రాస్తేనే పంపుతుంది. ఔట్‌లుక్‌లో అయితే మీరు ఆటో రిప్లైని ఆపేదాకా ఒక్కొక్కరికి ఒక్కసారే. కాబట్టి నిశ్చింతగా పెట్టుకోండి శర్మ గారూ.

ఈ నాలుగు రోజుల లెక్క సంచికపని గారికి పనికొస్తుంది. ముద్రణాలయం వారు 12న రాసి జవాబు అందుకుంటే, 13న మళ్ళీ రాసినప్పుడు వారికి ఏమీ వెళ్ళదు. అందుకే మొదటి జవాబులోనే అన్నీ ఉండాలి. మధ్యలో మీరు పాఠాన్ని మారిస్తే మాత్రం లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది, వారు ఆ తర్వాత రాసే మెయిల్‌కు కొత్త పాఠం వెళ్తుంది.

నల్లమల_నాయుడు

మా దగ్గర ఔట్‌లుక్‌లో సంస్థ లోపలివారికి ఒకటి, బయటివారికి ఒకటి అని రెండు గడులు ఉంటాయి. మా వాడొకడు లోపలి గడి మాత్రమే నింపి, బయటివారికి పంపే టిక్కు పెట్టకుండా వెళ్ళాడు. సహోద్యోగులందరికీ మర్యాదగా జవాబులు వెళ్ళాయి, ఖాతాదారులకు మాత్రం ఏమీ వెళ్ళలేదు.

ఉత్తరాలబండి

జీమెయిల్‌లోనూ అలాంటి టిక్కు ఉంది. Only send a response to people in my Contacts అన్న గడిలో టిక్కు పెడితే, మొదటిసారి కథ పంపే కొత్త రచయితకు జవాబు వెళ్ళదు. పత్రిక వారికి అది ఖాళీగానే ఉండాలి.

ఇప్పటివరకు అందరూ చెప్పినవి కలిపి ఒక పాఠం రాశాను, చూడండి.

> సబ్జెక్ట్: సెలవులో ఉన్నాను, జనవరి 19 సోమవారం తిరిగి వస్తాను
>
> నమస్కారం. మీ మెయిల్ మాకు చేరింది. సంక్రాంతి సెలవు తర్వాత జనవరి 19, సోమవారం నేను విధుల్లో చేరతాను. 21, బుధవారంలోగా మీకు జవాబు రాస్తాను.
>
> మీరు కథ, కవిత లేదా వ్యాసం పంపి ఉంటే అది మా దగ్గర భద్రంగా ఉంది. మళ్ళీ పంపనవసరం లేదు. నేను వచ్చాక చదువుతాను.
>
> ఫిబ్రవరి సంచిక ముద్రణకు సంబంధించిన విషయమైతే దయచేసి mudrana@example.com కు రాయండి. మా డిజైనర్ సుధ గారు గాని, ప్రధాన సంపాదకులు గాని అదే రోజు జవాబిస్తారు. పత్రిక అందకపోతే chanda@example.com కు మీ చందా సంఖ్యతో రాయండి.
>
> మీకూ మీ కుటుంబానికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

సబ్జెక్ట్‌లోనే తేదీ పెట్టడానికి కారణం ఉంది. ఫోన్లో చూసేవారికి సబ్జెక్ట్, మొదటి రెండు మూడు మాటలే కనబడతాయి. మెయిల్ తెరవకుండానే విషయం తెలిసిపోవాలి.

వనజ_తెనాలి

చాలా నిండుగా ఉంది. అయితే "నేను వచ్చాక చదువుతాను" కింద 21 అన్న తేదీ నిలబడదు. 21లోగా కథ మీద నిర్ణయం వస్తుందని ఆ పెద్దాయన మళ్ళీ అనుకుంటారు. "మీ రచన పరిశీలన మామూలు గడువు ప్రకారమే జరుగుతుంది, ఈ సెలవు వల్ల మీ వరుస వెనక్కి పోదు" అని రాయండి. రచయితకు అసలు బెంగ ఆ వరుస గురించే.

కొల్లేటికొంగ

"అదే రోజు జవాబిస్తారు" అని ప్రధాన సంపాదకుల తరఫున మాట ఇచ్చేస్తున్నారా? ధైర్యమే.

ఉత్తరాలబండి

రెండూ న్యాయమైన అభ్యంతరాలే. 21 అన్న తేదీని రచనల నుంచి విడదీయాలి. "అదే రోజు" బదులు "నా బదులు చూస్తారు" అంటే సరిపోతుంది.

మిర్చిబజ్జి

నా మాట వినరు కానీ, చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. దసరాకి ముద్రణాలయం వారికి మీ సెల్ నంబరు ఎలా దొరికింది? పాత పాఠంలో నంబరు లేదు కదా.

సంచికపని

వారు కొత్తవారు, నా నంబరు వారి దగ్గర ఉండే అవకాశం లేదు. నాకూ అర్థం కాలేదు.

రాయదుర్గం_రమ

మీ మెయిళ్ళ కింద సంతకం ఉంటుందా? అందులో సెల్ నంబరు ఉందా? జీమెయిల్ ఆటో రిప్లై కింద ఆ సంతకాన్ని కూడా తగిలించి పంపుతుంది. పైన ఎంత చక్కగా ఇతరుల పేర్లు రాసినా, కింద మీ నంబరు కనబడితే అందరూ దానికే ఫోన్ చేస్తారు. సెలవుకు వెళ్ళేముందు సంతకంలోంచి నంబరు తీసేయండి.

సంచికపని

ఇప్పుడే చూశాను. ఉంది, అదీ లావు అక్షరాల్లో. మిర్చిబజ్జి గారూ, చర్చ అవసరం లేదన్నవారే అసలు సంగతి పట్టుకున్నారు.

మిర్చిబజ్జి

అరిసెలు నాకు వేరుగా పంపండి.

రాయదుర్గం_రమ

ఇంకొకటి, అమర్చేటప్పుడు First day జనవరి 12, Last day జనవరి 18 పెట్టండి. మొదటి రోజు అర్ధరాత్రి పన్నెండుకు మొదలై, చివరి రోజు రాత్రి 11:59కి ఆగిపోతుంది. మీరు 11 శనివారం సాయంత్రమే బస్సెక్కుతారేమో, అలా అయితే మొదటి తేదీని దాన్నిబట్టి ముందుకు జరపండి. చివరి తేదీ వేయకుండా వదిలేస్తే మీరు చేత్తో ఆపేదాకా పోతూనే ఉంటుంది. ఫాల్గుణం వచ్చినా మీరు సంక్రాంతి శుభాకాంక్షలు చెబుతూనే ఉంటారు.

గుంటూరు_శర్మ

జనవరి 12 సోమవారమైతే 11 ఆదివారం అవుతుంది, శనివారం 10.

రాయదుర్గం_రమ

అవును శర్మ గారూ, శనివారం 10వ తేదీ. మొదటి తేదీని 10 అనుకోండి. వారం పేరు కూడా రాయమని ఉత్తరాలబండి గారు చెప్పింది ఇందుకే కాబోలు, తేడా ఉంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

సంచికపని

శనివారం పనిచేసి రాత్రికి బయలుదేరుతాను, కాబట్టి 11 నుంచి పెడతాను. సుధ గారిని అడిగాను, 14 నుంచి 16 వరకు తాను చూడనని ప్రధాన సంపాదకులకు ముందే తెలియాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. పాఠంలో మారిన భాగం ఇది:

> నమస్కారం. మీ మెయిల్ మాకు చేరింది. సంక్రాంతి సెలవు తర్వాత జనవరి 19, సోమవారం నేను విధుల్లో చేరతాను.
>
> మీరు రచన పంపి ఉంటే అది మా దగ్గర భద్రంగా ఉంది, మళ్ళీ పంపనవసరం లేదు. పరిశీలన మామూలు గడువు ప్రకారమే జరుగుతుంది, ఈ సెలవు వల్ల మీ వరుస వెనక్కి పోదు. ఇతర విషయాలకు 21, బుధవారంలోగా జవాబు రాస్తాను.
>
> ఫిబ్రవరి సంచిక ముద్రణ విషయమైతే mudrana@example.com కు రాయండి. మా డిజైనర్ సుధ గారు గాని, ప్రధాన సంపాదకులు గాని నా బదులు చూస్తారు.

చందా వాక్యం, శుభాకాంక్షలు అలాగే ఉంచాను. అయితే ప్రధాన సంపాదకులు ఇది చదివి, సెలవు సంక్రాంతికని ఎందుకు చెప్పాలి, కారణం మన సొంత విషయం కదా అన్నారు.

వనజ_తెనాలి

మామూలు సెలవైతే ఆయన మాటే సరైనది. ఆసుపత్రి, పెళ్ళి, తీర్థయాత్ర ఏదైనా పరాయివారికి చెప్పనక్కర్లేదు. సంక్రాంతి మాత్రం అందరికీ తెలిసిన కారణం, ఆ ఒక్క మాటతో చదివేవారికి కోపం సగం తగ్గుతుంది. నేనైతే ఉంచుతాను.

రాయదుర్గం_రమ

నేనైతే తీసేస్తాను. పండగంటే ఇంటికి తాళం అని చదివేవారూ ఉంటారు.

నల్లమల_నాయుడు

కింద శుభాకాంక్షలు ఉన్నాయి కదా, పైన తీసేసినా అందరికీ తెలిసిపోతుంది.

ఉత్తరాలబండి

అది మీ ఇద్దరూ తేల్చుకోండి. అంతకంటే ముందు ఒకటి చూడండి. కథలు మీ సొంత చిరునామాకే వస్తున్నాయా, లేక పత్రికలో అచ్చువేసిన kathalu@ లాంటి గ్రూపు చిరునామాకు కూడా వస్తున్నాయా? గ్రూపు ద్వారా వచ్చిన మెయిళ్ళకు జీమెయిల్ మీ ఆటో రిప్లైని పంపదు. అలా వస్తుంటే ఇంత శ్రద్ధగా రాసిన పాఠం రచయితలకు చేరదు. గ్రూపు అమరికల్లో దానికి విడిగా ఆటో రిప్లై పెట్టే వీలుంది, దాన్ని గ్రూపు నిర్వాహకులు చేయాలి.

సంచికపని

రెండింటికీ వస్తాయి. అనంతపురం పెద్దాయన నాకు నేరుగా రాశారు కాబట్టి పాత జవాబు చూశారు, గ్రూపుకు రాసినవారికి ఇన్నాళ్ళూ ఏ జవాబూ వెళ్ళలేదన్నమాట. గ్రూపు నిర్వాహకులు ఎవరో రేపు కనుక్కుంటాను, నా ముందు పనిచేసినవారి పేరు మీదే ఉందేమోనని అనుమానం.

రాయదుర్గం_రమ

కనుక్కున్నాక మీ సొంత జీమెయిల్ నుంచి రెండు చిరునామాలకూ ఒక్కొక్క మెయిల్ పంపి చూడండి. కార్యాలయం ఖాతా నుంచి పంపితే బయటివారికి ఏం వెళ్తుందో తెలియదు. ఫోన్లోనే తెరిచి, సబ్జెక్ట్ ఎంతవరకు కనబడుతోందో, కింద సంతకంలో నంబరు పోయిందో లేదో చూడండి.